కొలువులో పరశురాముడు, రాముడు పక్కపక్కనే: ఇద్దరూ విష్ణువే అయితే ఎదురెదురు పడ్డారెలా?

సరిత_కూకట్‌పల్లి · శనివారం, రాత్రి 9:12

దసరా కొలువుకని శిల్పారామంలో దశావతారాల సెట్టు కొన్నాం. నిన్న సాయంత్రం మెట్ల మీద గుడ్డ పరిచి బొమ్మలు సర్దుతుంటే నాలుగో తరగతి చదివే మా అమ్మాయి గొడ్డలి బొమ్మను ఒక చేత, విల్లు బొమ్మను ఇంకో చేత పట్టుకుని అడిగింది: "అమ్మా, ఇద్దరూ విష్ణువేనా?" అవునన్నా. "మరి నానమ్మ కథలో ఈయన ఆయన మీదికి కోపంగా వచ్చాడుగా. తన మీద తనకే కోపం వస్తుందా? తనని తాను గుర్తుపట్టలేదా?"

"అదంతా లీల నాన్నా" అని తప్పించుకోబోయా. "లీల అంటే జవాబు తెలీదనా?" అంది.

మా అత్తగారిని అడిగితే నవ్వేసి ఊరుకున్నారు. అసలు అవతారం అంటే మనం ఏమనుకుంటున్నాం? దేవుడు అక్కడ ఖాళీ చేసి ఇక్కడికి వచ్చేస్తాడా? అలాగైతే ఒకే కాలంలో ఇద్దరెలా ఉన్నారు? తెలిసినవాళ్ళు పిల్లకి చెప్పగలిగేలా చెప్పండి.

బొమ్మల_పిన్ని · రాత్రి 9:30

సరితా, ఆ గొడవ లేకుండా ఉండాలంటే ఇద్దరి మధ్యలో వామనుణ్ణి పెట్టమ్మా, ఎత్తు కూడా సరిపోతుంది. కర్రబొమ్మలా, మట్టివా? మట్టివైతే కొలువు అయ్యాక పాత నూలు చీర ముక్కల్లో చుట్టి పెట్టు, న్యూస్‌పేపర్ వద్దు, రంగు అంటుకుంటుంది. నా సెట్టులో కూర్మం మెడ విరిగి రెండేళ్ళయింది, విడిగా ఒక్కటే ఇవ్వమంటే ఎవరూ ఇవ్వట్లేదు. ఎక్కడైనా దొరుకుతుందేమో చెప్పండి.

డేటా_బాబు · రాత్రి 9:48

సింపుల్ అండీ. అవతారాలు రిలే పరుగులాంటివి. ఒకరి డ్యూటీ అయ్యాక ఇంకొకరు. చేప, తాబేలు, పంది, సగం మనిషి, పొట్టి మనిషి, గొడ్డలి పట్టిన అడవి మనిషి, తర్వాత రాజ్యం ఏలే మనిషి. పరిణామ సిద్ధాంతం మనవాళ్ళకి ముందే తెలుసు. జనకుడి సభలో విల్లు విరగ్గానే పరశురాముడు వచ్చి, తన షిఫ్ట్ అయిపోయిందని తెలుసుకుని, వెళ్ళిపోయాడు. పాపకి ఇంత చెబితే చాలు.

గల్లీ_ముచ్చట · రాత్రి 10:05

అన్నా, షిఫ్ట్ అయిపోయినోడు మల్ల ఎట్లొచ్చిండు? రాముని తర్వాత యుగంల భీష్మునితోని రోజుల తరబడి కొట్లాడిండు గదా పరశురాముడు, అంబ కోసం. గెలవలేదు కూడ. కర్ణునికి అస్త్రాలు నేర్పింది ఎవరు? శాపం పెట్టింది ఎవరు? ఆయన చిరంజీవి. నీ రిలేల కర్ర ఇచ్చినోడు ఇంకా గ్రౌండ్ల నే ఉన్నడు.

ఇంకోటి, పరిణామం అంటివి. బలరాముడు, కృష్ణుడు అన్నదమ్ములు. ఒక్క ఇంట్ల ఇద్దరు ఒకేసారి పుడితే అది ఏం పరిణామం?

డేటా_బాబు · రాత్రి 10:11

సరే, భీష్ముడి సంగతి గుర్తు రాలేదు. కానీ వరస మాత్రం చూడ్డానికి అలాగే ఉంది కదా.

పాత_బీరువా · రాత్రి 11:20

పాప అడిగిన ప్రశ్న చాలా పాతది, చిన్నది కాదు. నేను వనస్థలిపురంలో ఉంటాను. కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరయ్యాను, అదే అర్హత. ముందు కథ ఎలా జరిగిందో చూద్దాం, అక్కడే సగం జవాబు ఉంది.

డేటా బాబు గారూ, జనకుడి సభలోకి పరశురాముడు రావడం తులసీదాసు చెప్పిన తీరు. టీవీలో చూసి మనకి అదే నాటుకుంది. వాల్మీకిలో పెళ్ళిళ్ళు అయిపోయాయి, దశరథుడు కొడుకులను, కోడళ్ళను తీసుకుని అయోధ్యకు తిరిగి వెళుతున్నాడు. దారిలో పక్షులు భయంకరంగా అరుస్తున్నాయి, నేల మీద జింకలు మాత్రం ప్రదక్షిణంగా తిరుగుతున్నాయి. దశరథుడు హడలిపోతాడు. పక్షులు చెప్పేది రాబోయే భయం, జింకలు చెప్పేది అది శాంతిస్తుందని, అంటాడు వసిష్ఠుడు. అప్పుడు వస్తాడు గొడ్డలి భుజాన వేసుకున్న ఆయన.

వచ్చి ఏమంటాడు? శివుడి విల్లు విరిచావని విన్నాను, ఇదిగో దానికి జోడీ, విష్ణువు విల్లు, దీన్ని ఎక్కుపెట్టు చూద్దాం, అంటాడు. ఆ విల్లు విష్ణువు నుంచి ఋచీకుడికి, ఆయన నుంచి జమదగ్నికి, అక్కడి నుంచి కొడుక్కి వచ్చింది. రాముడు ఎక్కుపెడతాడు. బాణం సంధించాక అది వృథాగా పోకూడదు. నీ పాదాలకున్న వేగాన్ని తీసెయ్యనా, తపస్సుతో సంపాదించిన లోకాలను తీసెయ్యనా, అని అడుగుతాడు. రాత్రిపూట ఈ భూమి మీద ఉండనని కశ్యపుడికి మాట ఇచ్చాను, నడక కావాలి, లోకాలు తీసెయ్యి, అంటాడు పరశురాముడు.

ఇక్కడ రెండు మాటలు పట్టుకోవాలి. విల్లు రాముడి చేతికి వెళ్ళగానే పరశురాముడు "జడీకృతః", అంటే తేజస్సు ఉడిగి మొద్దుబారిపోయాడు. రెండోది, అప్పుడు ఆయనే అంటాడు: నువ్వు మధుసూదనుడివని తెలిసింది, మూడు లోకాల నాథుడి చేతిలో ఓడడం నాకు సిగ్గు కాదు. పాప అడిగిన "గుర్తుపట్టలేదా" అన్నదానికి జవాబు ఇదే. గుర్తుపట్టాడు, కాకపోతే విల్లు చేయి మారాక.

సరిత_కూకట్‌పల్లి · ఆదివారం, ఉదయం 7:40

మాస్టారూ, "నాథుడివి నువ్వు" అన్నాడంటే ఆయన విష్ణువు కాదన్నట్టే కదా? మరి దశావతారాల్లో ఎందుకున్నాడు? నా బొమ్మల్లో ఒకటి తీసెయ్యాలా?

పాత_బీరువా · ఉదయం 8:55

తియ్యకండి. మా శ్రీవైష్ణవ సంప్రదాయంలో చెప్పే మాట ఇది. అవతారాలన్నీ ఒక్క రకం కాదు. కొన్నిటిలో భగవంతుడు తన రూపంతో తానే వస్తాడు. రాముడు, కృష్ణుడు, నరసింహుడు అలాంటివాళ్ళు. కొన్నిటిలో ముందే ఉన్న ఒక జీవుడిలోకి, ఒక పని కోసం, తన శక్తిని దింపుతాడు. దాన్ని ఆవేశం అంటారు. మన భాషలో కోపం అని కాదు, ఆవేశించడం, లోపలికి చొరబడడం. పరశురాముడు ఈ రెండో రకం.

ఇనుప కడ్డీని కొలిమిలో పెట్టి తీస్తే అది నిప్పే. ముట్టుకుంటే కాలుతుంది, కట్టె మీద పెడితే అంటుకుంటుంది. కానీ నిప్పు దిగిపోయాక మిగిలేది ఇనుము. కార్తవీర్యుడు ఆశ్రమంలో ఆవును పట్టుకుపోయాడు, ఆయన కొడుకులు జమదగ్నిని చంపారు, తర్వాత 21 సార్లు క్షత్రియుల మీద దండయాత్ర. అదంతా ఎర్రగా కాలిన కడ్డీ చేసిన పని. రాముడి ముందు నిలబడినప్పుడు నిప్పు దిగిపోయింది. ఆ తేజస్సు అందరూ చూస్తుండగా వెళ్ళి రాముడిలో చేరిందని పురాణాల మాట. వాల్మీకి తేజస్సు ఉడిగిందని మాత్రమే చెప్పి ఊరుకున్నాడు, ఈ తేడా గమనించాలి.

ఇది ఒప్పుకుంటే ముచ్చట గారి ప్రశ్న కూడా విడిపోతుంది. అవతార కార్యం అయిపోయింది, మనిషి అయిపోలేదు. భీష్ముడితో పోరాడింది చల్లారిన ఇనుము, అందుకే గెలవలేదు. భాగవతం అయితే ఆయన ఇప్పటికీ మహేంద్రగిరి మీద దండించడం వదిలేసి ప్రశాంతంగా ఉన్నాడంటుంది. శ్రీకాకుళం దాటి ఒడిశాలో అడుగుపెడితే కనిపించే కొండ అదేనంటారు.

13వ శతాబ్దంలో మా ఆచార్యులు పిళ్ళై లోకాచార్యులు ఇంకో అడుగు ముందుకు వేశారు. మోక్షం కోరేవాళ్ళు ఆవేశ అవతారాలను ఉపాసించక్కర్లేదన్నారు. మీ వీధిలో రాముడి గుడి ఉంటుంది, గుట్టకు వెళితే నరసింహుడు ఉంటాడు. పరశురాముడి గుడికి ఎప్పుడైనా వెళ్ళారా?

డేటా_బాబు · ఉదయం 9:20

కేరళలో ఉంది సార్, తిరువనంతపురం దగ్గర తిరువల్లంలో. ఆఫీసు ట్రిప్‌లో వెళ్ళాను. మహారాష్ట్రలో చిప్లూణ్ దగ్గర కూడా ఉంది.

పాత_బీరువా · ఉదయం 9:31

బాగా పట్టుకున్నారు. సముద్రాన్ని వెనక్కి నెట్టి ఆ నేలను ఇచ్చింది ఆయనేనని అక్కడివాళ్ళ నమ్మకం. మా సంప్రదాయం వద్దన్నంత మాత్రాన కొంకణం తీరం మానేయలేదు.

సరిత_కూకట్‌పల్లి · ఉదయం 10:02

కడ్డీ ఉదాహరణ పిల్లకి అర్థమైంది. వెంటనే ఇంకోటి. "రాముడు నిజంగా తనే వస్తే, మరి అప్పుడు వైకుంఠంలో ఎవరున్నారు? తాళం వేసి వచ్చాడా?"

పాత_బీరువా · ఉదయం 11:15

మీ అమ్మాయిని ఒకసారి చూడాలి.

బాలకాండలోనే ఈ చిక్కు ఉంది. పాయసంలో సగం కౌసల్యకు ఇచ్చారు, పుట్టిన రాముణ్ణి "విష్ణోరర్ధం" అంటాడు వాల్మీకి. లెక్క కట్టేవాళ్ళు, సగం ఇక్కడుంటే మిగతా సగం తమ్ముళ్ళకు పంచితే అక్కడ మిగిలింది సున్నా అంటారు. భాగవతం మొదటి స్కంధంలో కూడా మిగతా అవతారాలకు అంశ, కళ, అంటే భాగం, భాగంలో భాగం, అనే మాటలే వాడి, "కృష్ణస్తు భగవాన్ స్వయమ్" అని కృష్ణుణ్ణి వేరు చేస్తుంది.

ఆచార్యులు దీనికి వాడే పోలిక దీపం. ఒక దీపంతో ఇంకో దీపం వెలిగిస్తే మొదటి దాని వెలుగు తరగదు, రెండోది సగం వెలుగూ కాదు. వైకుంఠానికి తాళం పడదు. కార్తీక మాసంలో మీ బాల్కనీలో ఒక ప్రమిదతో ఇంకో ప్రమిద వెలిగించి చూపించండి, మాటలు అక్కర్లేదు.

కాబట్టి ఆవేశానికి కడ్డీ, సాక్షాత్తు అవతారానికి దీపం. కడ్డీలో రెండు వస్తువులున్నాయి, ఇనుమూ నిప్పూ. దీపంలో ఉన్నది వెలుగే.

బర్కత్‌పుర_రాఘవ · మధ్యాహ్నం 12:40

మాస్టారికి నమస్కారం. మీరు చెప్పింది మీ సంప్రదాయం. అందరిదీ అదేనన్నట్టు పిల్లకి నేర్పకండి. మేం మాధ్వులం. మాకు పరశురాముడు ఆవేశం కాదు, సాక్షాత్తు విష్ణువే. మత్స్యం నుంచి కల్కి వరకు రూపాల మధ్య ఇసుమంత తేడా ఉందన్నా మాకు దోషమే.

మరి ఓడిపోయాడే అంటారా? మధ్వాచార్యులు మహాభారత తాత్పర్య నిర్ణయంలో ఈ ఘట్టాన్ని వేరేగా చెప్పారు. అతులుడనే అసురుడు ఒకడు. విష్ణువు ఓడినప్పుడే నీకు చావు అని వరం. వాడు పరశురాముడి లోపల దాక్కున్నాడు. ఆయన ఓడినట్టు కనిపించాడు, రాముడి బాణం వాణ్ణి కాల్చేసింది. ఇద్దరూ కలిసి ఆడిన ఆట అది. తన మీద తనకు కోపమా అని పాప అడిగింది కదా. కాదు, కోపం నటన.

భీష్ముడి విషయమూ అంతే. శిష్యుడికి గెలుపు ఇచ్చాడు. చల్లారిన ఇనుము అనడం నాకు కష్టంగా ఉంది.

పాత_బీరువా · మధ్యాహ్నం 1:05

రాఘవ గారూ, నొప్పించి ఉంటే మన్నించండి, ఆ మాట ఉపమానం వరకే. అయితే ఒక్క సందేహం. వాల్మీకిలో అతులుడు లేడు. బాణం తీసుకుంది తపస్సుతో గెలిచిన లోకాలను.

బర్కత్‌పుర_రాఘవ · మధ్యాహ్నం 1:22

వాల్మీకిలో తేజస్సు వెళ్ళి రాముడిలో చేరడం కూడా లేదని మీరే అన్నారు. మీకు పురాణం పనికొచ్చినప్పుడు మాకు ఆచార్యుల మాట పనికి రాదా?

గల్లీ_ముచ్చట · మధ్యాహ్నం 1:25

రాఘవన్న పాయింట్ కొట్టిండు.

పాత_బీరువా · మధ్యాహ్నం 1:40

కొట్టారు. ఒప్పుకుంటున్నాను. ఇద్దరం మూలంలో లేని ఒక ముక్క పెట్టుకునే ఈ కథను అతికిస్తున్నాం. ఏ ముక్క పెడతామన్నది అవతారమంటే మనం ముందే ఏమనుకున్నామో దాన్ని బట్టి ఉంటుంది.

ఇవ_శబ్దం · మధ్యాహ్నం 3:10

ఆలస్యంగా వచ్చాను. మీరంతా "దిగి వచ్చాడు" అన్నదాన్ని మెట్లు దిగినట్టే తీసుకుంటున్నారు. మాట అర్థం అదే అనుకోండి, "అవ" అంటే కిందికి, "తౄ" ధాతువుకి దాటడం. కానీ గీతలో అవతారం అన్న మాటే లేదు. నాలుగో అధ్యాయంలో కృష్ణుడు వాడేవి "సంభవామి", "సృజామి", అంటే పుడతాను, నన్ను నేను సృష్టించుకుంటాను అని. పైగా "ఆత్మమాయయా", నా మాయతో, అంటాడు. శంకరులు గీతాభాష్యం మొదట్లోనే "దేహవాన్ ఇవ, జాత ఇవ" అన్నారు. శరీరం ఉన్నవాడిలా, పుట్టినవాడిలా కనిపిస్తాడు. ఆ "ఇవ" తీసేస్తే అద్వైతం నిలబడదు.

మన తెలుగు కూడా ఈ పక్కే. జుట్టు రేగి ఇంటికొస్తే అమ్మ ఏమంటుంది? "ఇదేం అవతారంరా?" అంటే వేషం. ఒకే నటుడు మొదటి అంకంలో ఒక వేషం, రెండో అంకంలో ఒక వేషం కడితే ఎవరూ అడగరు. ఒకే రంగంలో రెండు వేషాలు కడితేనే పాపకి అనుమానం వచ్చింది. కలలో నువ్వు పరిగెత్తుతావు, నిన్ను తరిమే పులి కూడా నువ్వే. లేచాక ఇద్దరూ ఎలా నువ్వయ్యావని అడుగుతావా?

సండే_స్కూల్_సికింద్రాబాద్ · సాయంత్రం 4:30

ఊరికే చదువుతున్నా, ఇక్కడ ఒక మాట. మా చర్చిలో క్రిస్మస్‌కి పాస్టర్ గారు "నరావతారి" అంటారు. మాట మీదే, భావం మాత్రం వేరు. మాకు ఒక్కసారే వచ్చాడు, నిజమైన రక్తమాంసాలతో వచ్చాడు, నిజంగా నొప్పి పడి చనిపోయాడు. "ఉన్నట్టు కనిపించాడు" అన్నవాళ్ళను మా పాత సభలు తప్పన్నాయి. మీలో "ఇవ" గారి మాటకు ఒప్పుకోనివాళ్ళు కూడా ఉన్నారా? మీ దేవుడి శరీరం నిజమైనదేనా?

పాత_బీరువా · సాయంత్రం 5:50

ఉన్నాం, చాలామందిమి. మీ ప్రశ్నకు మాలోనే రామానుజులు వేరే దారి తీశారు. శరీరం నిజమే, నటన కాదు. కానీ మన శరీరం లాంటిది కాదు. మనది కర్మ వల్ల వచ్చి పడింది, ఎప్పుడు పుట్టాలో మన చేతిలో లేదు. ఆయనది తన ఇష్టంతో, శుద్ధసత్త్వంతో, అంటే రజస్సు, తమస్సు అంటని పదార్థంతో తీసుకున్నది. మాయ అన్న మాటకి ఆయన భ్రమ అని చెప్పలేదు, జ్ఞానం, సంకల్పం అన్నారు. చెరసాలలో ఖైదీ ఉంటాడు, చూడ్డానికి వచ్చిన రాజూ ఉంటాడు. గోడలు ఇద్దరికీ నిజమే.

నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇంకొకటి ఉంది. రావణుణ్ణి చంపాలంటే దిగి రావాలా? వైకుంఠంలో కూర్చుని అనుకుంటే చాలు కదా? "పరిత్రాణాయ సాధూనాం" దగ్గర రామానుజులు దుష్టుల సంగతి పక్కన పెట్టి సాధువులెవరో చెబుతారు. ఆయన్ను చూడకుండా బతకలేనివాళ్ళు, క్షణం వెయ్యి కల్పాలుగా గడిపేవాళ్ళు, ఆ బెంగతో ఒళ్ళు పట్టు తప్పినవాళ్ళు. వాళ్ళకి తన రూపం చూపించాలి, మాట వినిపించాలి. అది సంకల్పంతో అయ్యే పని కాదు, రావాల్సిందే. రాక్షసుల్ని చంపడం దారిలో అయిపోయే పని. దుబాయ్‌లో ఉన్న కొడుకు అమ్మకి డబ్బు పంపగలడు, మందులు పంపగలడు. అమ్మకి కావలసింది అవి కాదు.

గల్లీ_ముచ్చట · రాత్రి 7:15

మాస్టారు, మా అమ్మ యాదికొచ్చింది.

గని నాకు ఒక్కటి సమజ్ కాలె. యుద్ధం అయినంక దేవతలు అందరొచ్చి నువ్వు నారాయణుడివి అంటే, రాముడు ఏమన్నడు? "ఆత్మానం మానుషం మన్యే", నన్ను నేను మనిషినే అనుకుంటున్న, దశరథుని కొడుకును, అన్నడు. బ్రహ్మ చెప్తె గని తెల్వలె. తన ఇష్టంతోని వచ్చినోడికి తానెవరో తెల్వకుండ ఎట్ల ఉంటది?

పాత_బీరువా · రాత్రి 7:50

రావణుడు వరం అడిగేటప్పుడు మనుషుల్ని లెక్కలో వేసుకోలేదు. వాణ్ణి చంపేవాడు నిజంగా మనిషై ఉండాలి. నేను దేవుణ్ణని ఒక్కసారి తెలిసి ప్రవర్తించినా ఆ మనిషితనం చెడుతుంది. అందుకే ఆ ఎరుకను పక్కన పెట్టాడని కొందరు వ్యాఖ్యాతలు. వినయంతో అన్నాడని ఇంకొందరు.

ఇవ_శబ్దం · రాత్రి 8:02

"ఎరుకను పక్కన పెట్టాడు" అంటే, మాస్టారూ, నా "ఇవ" మీ ఇంటి గుమ్మం దాకా వచ్చినట్టే.

పాత_బీరువా · రాత్రి 8:10

గుమ్మం దాకా రానిస్తాను. లోపలికి రేపు చూద్దాం.

డేటా_బాబు · రాత్రి 8:30

ఒక డౌట్. మా ఇంట్లో సెట్టులో తొమ్మిదోది బుద్ధుడు, మా వదిన సెట్టులో ఎనిమిది బలరాముడు, తొమ్మిది కృష్ణుడు. ఏది కరెక్ట్?

బర్కత్‌పుర_రాఘవ · రాత్రి 8:41

పది అన్నదే గట్టి లెక్క కాదు. భాగవతం 22 చెప్పి, ఎండని చెరువు నుంచి వేల కాలువలు పారినట్టు అవతారాలు లెక్కలేనన్ని అంది. కృష్ణుడే మూలమనుకున్న జయదేవుడు ఆయన్ని జాబితా నుంచి తీసి బలరాముణ్ణి, బుద్ధుణ్ణి పెట్టాడు. కృష్ణుణ్ణి జాబితాలో ఉంచినవాళ్ళు ఎవరో ఒకరిని తియ్యక తప్పదు. మీ వదినగారు బుద్ధుణ్ణి తీశారు, మీ సెట్టు బలరాముణ్ణి తీసింది.

సరిత_కూకట్‌పల్లి · రాత్రి 9:25

అందరికీ దండాలు. కడ్డీ కథ, అతులుడి కథ రెండూ చెప్పాను. కల సంగతి కూడా చెప్పాను. పిల్లకి అతులుడి కథ నచ్చింది, పొట్టలో రాక్షసుడు ఉన్నాడు కాబట్టి. మా అత్తగారు మాత్రం కడ్డీ వైపు. నేను ఇంకా ఏదీ తేల్చుకోలేదు.

ఇప్పుడు కొలువు చూస్తే ఆరో బొమ్మ, ఏడో బొమ్మ వరసలోంచి బయటికొచ్చి ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. మధ్యలో ఐస్‌క్రీం పుల్ల, దానికి దారం కట్టి ఉంది. విష్ణువు విల్లట. అది ఎవరి చేతిలో పెట్టాలో ఇంకా నిర్ణయించలేదని, రేపు స్కూల్ నుంచి వచ్చాక చెబుతానని పడుకుంది.

బొమ్మల_పిన్ని · రాత్రి 9:50

ఆ దారం రంగు పోయేది కాదు కదా? తెల్ల దారం కట్టమను. నా కూర్మం సంగతి ఎవరూ చెప్పలేదు.